ఫోటో కింద నానా మాట

చివరి కాజా చుట్టూ దారం తిప్పి ముడి వేసి, కత్తెర చేతికందక పంటితో తెంపాడు అబ్దుల్ రవూఫ్. చొక్కాని ఒకసారి గాల్లో దులిపాడు. కాలరు పట్టుకుని దీపం వైపు తిప్పి, భుజం కుట్టు మీద బొటనవేలు నడిపించి చూసుకున్నాడు. వేలికి ఎక్కడా ముడి తగల్లేదు. మడతపెట్టి పాత పేపర్లో చుట్టి, వాకిట్లో నిలబడ్డ మనిషి చేతిలో పెట్టాడు.

"రాత్రే ఇస్తానన్నావు భాయ్," అన్నాడు ఆ మనిషి. కోపం లేదు, ఊరికే అనాలి కాబట్టి అన్నాడు.

"తెల్లారలేదుగా ఇంకా. రాత్రే ఇచ్చినట్టు లెక్క," అన్నాడు రవూఫ్. అతను మాట్లాడితే ఒక్కో మాట మధ్య ఒక కుట్టు పడేంత సందు ఉంటుంది.

వించిపేటలో ఆ సందుకి పేరు లేదు. కాలవ వైపు పోయే సందు అంటే అందరికీ తెలుసు. అందులో నాలుగో ఇంటి వసారాయే రవూఫ్ కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, గోడకి కొట్టిన మేకులకి వేలాడే బట్టలు, నేలంతా రంగురంగుల పేలికలు. మూడో తరగతి మధ్యలో బడి మాని మేనమామ దగ్గర కాజాలు కుట్టడానికి కూర్చున్నవాడు, అప్పటినుంచీ కూర్చునే ఉన్నాడు. నడుం కొంచెం ముందుకి వంగిపోయింది. కుడికాలు ఖాళీగా ఉన్నా పెడలు తొక్కుతున్నట్టు కదులుతూ ఉంటుంది. నిద్రలో కూడా కదులుతుందని భార్య నజీమా అంటుంది.

రంజాన్ నెలంతా అతనికి పగలూ రాత్రీ ఒకటే. పండగ నాటి పొద్దున మాత్రం స్నానం చేసి, అత్తరు రాసుకుని, ఈద్గాకి వెళ్ళి వరసలో నిలబడతాడు. నిలబడ్డాక ముందు వరసలో మనుషుల వీపులు కనపడతాయి. వాటిలో తను వేసిన కుట్లు కనపడతాయి. ఆ కాలరు నాదే, ఆ భుజం నాదే, అయ్యో ఆ పైజమా కాస్త పొట్టయిందే అనుకుంటాడు. అల్లా ముందు నిలబడి ఇవేం ఆలోచనలని తనని తనే తిట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ప్రతి ఏడూ ఇదే. అతని ముఖం చూసినవాళ్ళకంటే అతని కుట్టు వేసుకున్నవాళ్ళే ఆ ఊళ్ళో ఎక్కువ.

ఈసారి ఈద్గాలో వీపులు కనపడలేదు. కళ్ళు మూసినా తెరిచినా మనవరాలి డ్రెస్సే కనపడుతోంది.

ఇల్మా అతని కూతురు ఇష్రత్ బిడ్డ. బందరులో పదో తరగతి. ఎండాకాలం ముందు మెడలో గడ్డలు కనపడితే బెజవాడ తీసుకొచ్చారు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, సూదిమందులు పెట్టాలని చెప్పింది. ఆస్పత్రి దగ్గరని పిల్లని తాత ఇంట్లోనే ఉంచారు. జుట్టంతా ఊడింది. అన్నం సయించలేదు. గాజులు మోచేతిదాకా జారేవి. తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ వెనక్కి రావడం మొదలైంది. ముందు ఆకలి, తర్వాత కోపం, ఆ తర్వాత తలమీద నల్లటి నూగు. మొన్న శుక్రవారం డాక్టరమ్మ ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, "గడ్డల్లేవు. బడికి పంపండి," అంది. ఇష్రత్ అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. రవూఫ్ ఏడవలేదు. ఇంటికొచ్చి, ఇక బుకింగులు లేవని అందరికీ చెప్పేసి, చిలకపచ్చ కాటన్ గుడ్డ తెచ్చి మనవరాలికి పంజాబీ డ్రెస్సు కత్తిరించాడు.

కత్తిరించేటప్పుడు పిల్లని కొలవలేదు.

ఆ సంగతి అతను ఎవరితోనూ చెప్పలేదు. సందులో ఎవరు పోయినా శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొలవడానికి రవూఫ్‌నే పిలుస్తారు. కుట్టు పని ఉండదు దానికి, కొలిచి చింపడమే. అతని కొలత టేపు ఎందరి పక్కనో నేలమీద పరుచుకుంది. బతికున్నవాళ్ళకీ అదే టేపు, అందులో అతనికి ఎన్నడూ పట్టింపు లేదు. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం టేపు మెడలోంచి తీయబోయి చెయ్యి ఆగిపోయింది. నిరుటి పండగ కొలతలు మనసులో ఉన్నాయి. వాటికి ఏడాది ఎదుగుదల కలిపాడు. పెరిగే పిల్లకి దగ్గరగా కుట్టకూడదని మేనమామ నేర్పిన పద్ధతి ప్రకారం దాని మీద ఇంకో రెండంగుళాలు వేశాడు. పిల్ల మాత్రం ఈ ఏడాదంతా పెరగలేదు. తరిగింది.

ఈద్గా నుంచి ఆలింగనాలు చేసుకుంటూ, ఎదురైన ప్రతివాడి భుజం తడుతూ ఇల్లు చేరేసరికి గుమ్మంలో నజీమా నిలబడి ఉంది. ముఖం చూడగానే తెలిసిపోయింది.

"వేసుకుందా?"

"వేసుకుంది. నువ్వే చూడు నీ చేతి పనితనం," అంది నజీమా.

లోపల ఇల్మా మంచం పక్కన నిలబడి ఉంది. భుజాల కుట్లు భుజాలు దాటి కిందికి జారాయి. చేతులు వేళ్ళని మింగేశాయి. నడుం దగ్గర ఇంకో ఇల్మా దూరేంత చోటు ఉంది. చిలకపచ్చ రంగులోంచి చిన్న ముఖం, పెద్ద కళ్ళు, తలమీద కోడిపిల్ల నూగులాంటి జుట్టు. ఇష్రత్ సెల్‌ఫోన్ పట్టుకుని ఫోటోకి సిద్ధంగా ఉంది గానీ, ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"నానా," అంది ఇల్మా. తల్లి వైపు తాతని అలా పిలవడం వాళ్ళింట్లో అలవాటు. "ఇది నాకు కుట్టావా, నానీకి కుట్టావా?"

"నాకెక్కడ పడుతుందే. నాకు బిగుతైద్ది," అంది నజీమా.

"పది నిమిషాలు ఆగు తల్లీ. సైడు కుట్లు విప్పి లోపలికి వేస్తా. చేతులు మడిచి టాకాలేస్తా," అన్నాడు రవూఫ్. చెయ్యి అప్పుడే మెడలో టేపు కోసం వెతుకుతోంది. టేపు వసారాలోనే ఉండిపోయింది.

"ముందు ఫోటో తీసుకోనివ్వండి. తర్వాత మీ ఇష్టం," అంది ఇష్రత్.

ఈ ఫోటో వెనక పెద్ద కథ ఉంది. దసరా సెలవులైనా పదోవాళ్ళకి స్పెషల్ క్లాసులున్నాయి, సోమవారం ఇల్మా బడికి వెళ్ళాలి. వెళ్ళనని రెండు రోజులుగా మొండికేస్తోంది. జబ్బు సంగతి బడంతా తెలిసిపోయిందట. ఆర్కుట్‌లో, అంటే కంప్యూటర్లో స్నేహితులందరూ ఒకరి పేజీలో ఒకరు రాసుకునే చోట, అందరూ ఇల్మాకి రాస్తున్నారు. త్వరగా కోలుకోవాలి, దేవుణ్ణి ప్రార్థిస్తున్నాం, ధైర్యంగా ఉండు. అందరివీ అవే మాటలు, కింద పువ్వులు. ఒకమ్మాయైతే ఇల్మా ఇక లేదనుకుని ఏడుపు బొమ్మ కూడా పెట్టిందట. "గేటులోకి అడుగుపెట్టగానే అందరూ నా తల వైపు చూసి పాపం అంటారు. నేను ప్రైవేటుగా కట్టుకుంటా పరీక్ష," అంది ఇల్మా. చివరికి తల్లీకూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. పండగ నాడు కొత్త బట్టల్లో ఫోటో పెడుతుంది. కింద తనే ఒక మాట రాస్తుంది. దానికి ఏం జవాబులు వస్తాయో చూస్తుంది. పాపం అనకపోతే సాయంత్రం బస్సెక్కుతుంది. అంటే ఎక్కదు.

అందుకే పది నిమిషాల్లో సరిచేసే డ్రెస్సు గురించి ఇంత ఏడుపు.

ఇష్రత్ కర్టెన్ ముందు నిలబెట్టి మూడు ఫోటోలు తీసింది. మూడింటిలోనూ ఇల్మా చేతులు కిందికి అంటిపెట్టి, హాల్‌టికెట్ మీది ఫోటోలాగా ఉంది. నాలుగోది తీయబోతుంటే నజీమా, "కాస్త నవ్వవే, పండగపూట," అంది.

"ఎలా నవ్వను? చూడండి!" అంటూ ఇల్మా రెండు చేతులూ ఎత్తింది. చేతులు కనపడలేదు. డ్రెస్సు ఖాళీ చేతులు రెండూ గాల్లో లేచి రెక్కల్లా ఊగాయి. వాటిని తాత ముఖం ముందు టపటపలాడించింది. "నానా, నేను ఎగిరిపోతా! గాలొస్తే కాలవలో పడతా!" కోపంగా మొదలుపెట్టింది గానీ మధ్యలో తనకే నవ్వొచ్చింది. ఇష్రత్ వేలు ఆ క్షణంలోనే మీట నొక్కేసింది.

ఇల్మా ఫోను తీసుకుని నాలుగు ఫోటోలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసుకుంది. "ఇదే పెడదాం," అంది ఆఖరికి. "మిగతా వాటిలో నేను పేషెంటులా ఉన్నా."

నెట్ సెంటర్ మెయిన్‌రోడ్డు మీద ఉంది. నడిపేది కిరీటి. డిగ్రీ అయ్యాక బావ దగ్గర పెట్టుబడి పెట్టించి మూడు కంప్యూటర్లు వేసుకున్నాడు. కొండ మీద నవరాత్రులు, వీధిలో రంజాన్, పైగా గాంధీ జయంతి. అందుకని షట్టరు సగం దించి లోపలే ఉన్నాడు. నజీమా టిఫిన్ గిన్నెలో షీర్ ఖుర్మా పాయసం పోసి ఇచ్చింది. ఇల్మా తలమీద దుపట్టా కప్పుకుని, తాత చెయ్యి పట్టుకుని వంగి లోపలికి దూరింది. ఇష్రత్ బ్యాగు సర్దాలని ఇంట్లోనే ఉండిపోయింది. బ్యాగు సర్దడం మీదే ఆమె నమ్మకం.

"రండి తాతగారూ, పండగ శుభాకాంక్షలు," అన్నాడు కిరీటి, గిన్నె మూత తీసి వాసన చూస్తూ.

"దాన్ని రాయకూడదంటుంది మా పిల్ల," అన్నాడు రవూఫ్.

"దేన్నండీ?"

"ఇప్పుడు నువ్వన్నావే. శుభాకాంక్షలు."

కిరీటి ఫోను లోంచి గోరంత కార్డు పీకి, కంప్యూటరుకి తగిలించిన చిన్న పెట్టెలో దూర్చాడు. వైరస్ ఉందేమోనని చూశాడు. ఫోటో తెరమీదికి వచ్చింది. చిన్న ఫోనులో వేలెడంత ఉన్న ఇల్మా ఇక్కడ పళ్ళెమంత అయింది. కిరీటి దాన్ని చూసి నవ్వాడు. పాపం అనలేదు. రవూఫ్ ఆ సంగతి గమనించాడు.

"ఫోటో ఎక్కడానికి టైం పడుతుంది. ఈలోపు ఏం రాస్తావో చెప్పు," అన్నాడు కిరీటి. "లేకపోతే నా దగ్గర రెడీగా ఉన్నాయి. మెరిసే బొమ్మలు. చంద్రుడు, మసీదు, గులాబీ. పొద్దుట్నుంచి పదిమందికి పెట్టా. ఒకాయనైతే రంజాను, దసరా, గాంధీతాత మూడూ కలిపి చేయించుకున్నాడు."

"అందుకే వద్దు. నా లిస్టులో అందరి పేజీలమీదా అదే చంద్రుడు," అంది ఇల్మా. స్నేహితుల పేజీలు ఒక్కొక్కటిగా తెరిచి తాతకి చూపించింది. నిజమే. అందరి పండగా ఒకే అచ్చులో పోసినట్టుంది. "ఈ పండగ మీ ఇంట సుఖసంతోషాలు నింపాలి, ఈ పండగ మీ జీవితంలో వెలుగులు నింపాలి. చూశావా నానా, నింపడం ఒక్కటే పని. ఒక్కరూ చదవరు. చదివినా 'నీకూ అంతే' అని రాసి పోతారు."

"బాగానే ఉందిగా మరి. మంచి మాటేగా."

"మంచి మాటే. కానీ నేను రాసినట్టుండదు. ఎవరు రాసినా అంతే."

ఆ మాట రవూఫ్‌కి అర్థమైంది. బజార్లో వేలాడే రెడీమేడ్ చొక్కాలున్నాయి. అవి అందరికీ కొంచెం కొంచెం సరిపోతాయి.

ఫోటో ఎక్కడం అయింది. దాని కింద తెల్లటి ఖాళీ డబ్బా వచ్చింది. అందులో ఒక నల్లటి గీత కొట్టుకుంటూ ఉంది. ఇల్మా డ్రెస్సు చేతులు పైకి మడుచుకుని కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి.

మొదట రాసింది: కొత్త డ్రెస్సులో నేను.

"అది కనపడుతూనే ఉందిగా," అన్నాడు కిరీటి చెంచా నాకుతూ. "డ్రెస్సూ కనపడుతోంది, నువ్వూ కనపడుతున్నావు."

చెరిపేసింది. అల్లా దయవల్ల ఇప్పుడు బాగున్నాను అని రాసింది. రాసి వెనక్కి వాలి చూసుకుంది. "నిజమే. కానీ ఇది చూడగానే 'అయ్యో, ఇంకా జాగ్రత్తగా ఉండు' అంటారు. జబ్బు నేనే గుర్తుచేసినట్టుంది," అంది. ఆమె చెరుపుతుంటే రవూఫ్ లోపల్లోపలే ఆ మాటని అల్లాకి ఇంకోసారి చెప్పుకున్నాడు.

తర్వాత తనమీద తనే జోకు వేసుకుంది. గుండు కొట్టించుకోవడానికి తిరుపతి వెళ్ళక్కర్లేని అమ్మాయి. కిరీటి గట్టిగా నవ్వాడు గానీ, ఇల్మా నవ్వలేదు. "ఇది రాస్తే నవ్వుతారు. నవ్వి, తర్వాత పక్కకెళ్ళి పాపం అంటారు." అదీ పోయింది. జీవితమే ఒక పండగ అని కిరీటి చెప్పినదాన్ని రాయకముందే కొట్టేసింది. "ఇది కేలండరు వెనక ఉంటుంది."

నల్లగీత ఖాళీ డబ్బాలో కొట్టుకుంటూనే ఉంది. ఇల్మా గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. మడిచిన డ్రెస్సు చెయ్యి మళ్ళీ జారి వేళ్ళ మీద పడింది. దాన్ని విసురుగా పైకి తోసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వద్దులే నానా. ఫోటో తీసేద్దాం. అమ్మీకి చెప్పు, నేను పోను."

రవూఫ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కుడికాలు కదలడం ఆగిపోయింది.

"తియ్యకు. నేను చెప్తా, రాయి."

"నువ్వా?"

"రాయవే. తప్పుంటే దిద్దుకో." గొంతు సవరించుకున్నాడు. జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళకి విసుగొచ్చేంతసేపు ఆలోచించాడు. "రాయి. ఈ గుడ్డ... నేనే తెచ్చా. మంచి కాటను. ఉతికితే ఇంకొంచెం ముడుచుకుద్ది, అదొకటి. చేతులు పొడుగయినియ్యి. అది నాకు తెలుసు. భుజం జారింది. అదీ తెలుసు. నలభై ఏళ్ళనుంచి కుడతన్నా, నాకు తెలవదా. కొలవలేదు. కొలవకుండా కుట్టా. రాస్తన్నావా?"

ఇల్మా వేళ్ళు టకటకలాడుతున్నాయి. "రాస్తున్నా. ఎందుకు కొలవలేదు నానా?"

రవూఫ్ తెర వైపు చూశాడు. తెర మీద పచ్చటి రెక్కలతో పిల్ల నవ్వుతోంది. కఫన్ గుడ్డ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మింగేశాక కింద ఇంకో మాట దొరికింది. అదీ నిజమే.

"నువ్వు పెరుగుతావు గదా. పెరిగే పిల్లని ఇయ్యాళ్టి కొలతకి కుడితే ఎట్టా? ఇయ్యాళ్టి కొలత ఇయ్యాళ్టిదే. నాకు నువ్వు పెరుగుతావని నమ్మకం. అందుకని పెద్దగా కుట్టా. ఎవరికైనా అంతే. పండగబట్ట ఎవరికి సరిగ్గా పట్టింది గనక. చిన్నప్పుడు మాకు అన్న చొక్కా. మీ అమ్మకి ఒక ఏడు నేను కుట్టిన గౌను మోకాలిదాకా ఉండాల్సింది మడమదాకా వచ్చింది. అడుగు ఇష్రత్‌ని. ఏడ్చింది. ఇంకా చెప్పనా?"

"ఆగు ఆగు," అంది ఇల్మా. డబ్బా నిండిపోయింది. ఆమె అందులోంచి తీసేయడం మొదలుపెట్టింది. కాటన్ పోయింది. ఉతికితే ముడుచుకోవడం పోయింది. నలభై ఏళ్ళు పోయాయి. అమ్మ గౌను దగ్గర చాలాసేపు ఆగి, "ఇది తర్వాత," అని తీసేసింది. భుజం, చేతులు కూడా తీసేసింది, ఫోటోలో కనపడుతూనే ఉన్నాయి కాబట్టి. అదనపు గుడ్డ కత్తిరించి పక్కకి తోసేటప్పుడు రవూఫ్ ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చుని ఉంది పిల్ల, మెడ ముందుకి పెట్టి, పెదవి కొరుక్కుంటూ.

చివరికి మిగిలిందాన్ని గొంతెత్తి చదివింది.

"మా నానా కొలవకుండా కుట్టాడు. నేనింకా పెరుగుతానని ఆయన నమ్మకం. మీ కొత్త బట్టలు మీకు పట్టాయా?"

"పండగ అని రాయలేదే," అన్నాడు రవూఫ్.

"కొత్త బట్టలన్నాగా. ఇవాళ కొత్త బట్టలంటే ఇంకేంటి?"

"చివర అడగడం ఎందుకు?"

"అడిగితే వాళ్ళు వాళ్ళ గురించి చెప్పాలి. నా గురించి కాదు." ఇల్మా తాత వైపు తిరిగింది. "ఇప్పుడు ఎవరన్నా పాపం అనాలంటే నిన్ను అనాలి."

"అననీ. నాకేం పోయింది," అన్నాడు రవూఫ్.

ఆమె మీట నొక్కింది. మాట ఫోటో కిందికి వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత ఎదురుచూపు. కిరీటి గిన్నె కడిగి బోర్లించాడు. బయట జెండాలు కట్టిన ఆటో ఒకటి మైకులో అమ్మవారి పాట వేసుకుంటూ కొండ వైపు పోయింది. కరెంటు పోయింది, యూపీయస్ కుయ్యిమంది, మళ్ళీ వచ్చింది. ఇల్మా పేజీని మళ్ళీ మళ్ళీ తెప్పిస్తోంది. ప్రతిసారీ ఫోటో పైనుంచి కిందికి చాప విప్పినట్టు మెల్లగా దిగుతోంది. మొదట తల, తర్వాత రెక్కలు, తర్వాత మాట. కింద ఏమీ లేదు. రవూఫ్ కాలు మళ్ళీ పెడలు తొక్కడం మొదలుపెట్టింది. రంజాన్ నెలంతా ఇచ్చిన మాటకి బట్టలందించినవాడికి ఇంత దడ ఎప్పుడూ పుట్టలేదు.

ఈసారి దిగినప్పుడు కింద ఒక వరస ఎక్కువుంది.

"సింధూరి," అంది ఇల్మా. సింధూరి ఆమె పక్క బెంచీ. చదివింది. "నాకు పట్టలా. మా అమ్మ దసరాకి పట్టులంగా కుట్టించింది, అందులో నేనూ మా చెల్లీ ఇద్దరం పడతాం. మా టైలరుకి మీ నానాకంటే ఎక్కువ నమ్మకం."

ఇల్మా పెదవులు బిగబట్టుకుంది. నవ్వు ముక్కులోంచి వచ్చింది.

కాసేపటికి ఇంకోటి వచ్చింది. "నా ప్యాంటు పొట్టి. మా నాన్న నేను పెరగనని నమ్మాడు." తర్వాత ఇంకోటి. "మీ నానా నెంబరివ్వు, మా టైలరుకి ట్రయినింగు ఇప్పిద్దాం."

"ఎవడాడు?" అన్నాడు రవూఫ్.

"లెక్కల్లో ఫస్టు. వాడి మాటలు పట్టించుకోకు."

మళ్ళీ తెప్పించింది. ఈసారి వచ్చినదాన్ని చదివి ఆమె ముఖం మారింది. బయటికి చదవలేదు. కిరీటి వంగి చదివాడు. "త్వరగా కోలుకోవాలి అని ఎవరో పువ్వు పెట్టారు," అన్నాడు మెల్లగా.

ఇల్మా మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. పొడుగు కుట్టిన గుడ్డ ఆ చేతిని కప్పేసింది. కిరీటే చెయ్యి చాపి పేజీని ఇంకోసారి తెప్పించాడు. తల దిగింది, రెక్కలు దిగాయి, మాట దిగింది, జవాబులు దిగాయి, పువ్వు దిగింది. పువ్వు కింద మళ్ళీ సింధూరి.

"ఎవరు కోలుకోవాలి? డ్రెస్సా?"

దాని కిందే ఇంకొకటి, అదీ సింధూరిదే. "ఇల్మా, సోమవారం ఇదే వేసుకురా, లోపల యూనిఫాం కూడా పడుతుంది. కెమిస్ట్రీ రికార్డు రెండోది నేను రాసిపెట్టలేదు, ముందే చెప్తున్నా. నువ్వే రాసుకోవాలి."

ఇల్మా తల కీబోర్డు మీద పెట్టి నవ్వింది. దుపట్టా జారి మెడమీద పడింది. నూగు తల బయటపడింది, సర్దుకోలేదు. నవ్వుతూనే, "దొంగది నానా, ఇది. రాసిపెడతానని ఒట్టేసింది," అంది. "వెళ్ళి దాని సంగతి చెప్పాలి."

రవూఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నెలరోజుల నిద్ర ఒక్కసారిగా భుజాల మీదికి వచ్చి కూర్చున్నట్టయింది. కిరీటి ఏమన్నాడో వినపడలేదు. వెళ్ళి చెప్పాలి అంది పిల్ల. అది చాలు.

సాయంత్రం చల్లబడ్డాక ఇష్రత్ బ్యాగు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఇల్మా ఆ చిలకపచ్చ డ్రెస్సులోనే ఉంది. రవూఫ్ మిషను ముందు కూర్చుని మరోసారి అడిగాడు.

"విప్పి ఇయ్యనా తల్లీ? బస్సు టైముకి అయిపోద్ది."

"ముట్టుకోకు," అంది ఇల్మా. "ముట్టుకుంటే నేను రాసింది అబద్ధమైపోద్ది."

"కనీసం చేతులన్నా..."

"ఊహూ."

నజీమా మనవరాలి చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. సేమ్యా పొట్లం బ్యాగులో కుక్కింది. "అక్కడ మీ ఆయన బస్టాండుకి వస్తాడు గదా? రోల్డుగోల్డు నగల పని వదిలి వస్తాడా?" అని కూతుర్ని అడిగి, జవాబు వినకుండానే లోపలికి పోయి ముక్కు చీదుకుని వచ్చింది.

సందు చివరిదాకా రవూఫ్ బ్యాగు మోశాడు. ఆటో ఆగింది. తల్లి ఎక్కింది, ఇల్మా ఎక్కింది. ఎక్కుతుంటే డ్రెస్సు పొడుగు చెయ్యి తలుపు ఊచకి తగులుకుంది. రవూఫ్ దాన్ని విడిపించి, చిరిగిందేమోనని వేళ్ళతో తడిమి చూశాడు. కుట్టు గట్టిగానే ఉంది.

"బాగా తిను," అన్నాడు. "మంచి గుడ్డ అది. నింపాలి నువ్వు."

"నింపుతాలే నానా," అంది ఇల్మా. ఆ మాట పొద్దున తనే వెక్కిరించిందని గుర్తొచ్చి పకపకా నవ్వింది. ఆటో ఆ నవ్వుతోనే కదిలి, కాలవ వంతెన దాటి, కొండకి పోయే జనంలో కలిసిపోయింది.

రవూఫ్ ఇంటికొచ్చాడు. పండగ పలకరింపులకి వచ్చినవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి పంపేశాడు. పిల్ల ఇన్నాళ్ళూ పడుకున్న మంచం మీద దుప్పటి దులిపి మళ్ళీ పరిచింది నజీమా. అతను వసారాలో మిషను పక్కన చాప మీద ఒరిగాడు. పడుకోగానే గురక పట్టింది. కుడికాలు కదల్లేదు. నజీమా వచ్చి చూసి, ఆశ్చర్యంగా ఆ కాలు వైపే కాసేపు చూసి, వసారా దీపం తీసేసి వెళ్ళింది.

మిషను బల్ల మీద, నూనె మరకకి కొంచెం ఎడంగా, పండక్కని నిన్న రాత్రి ఇల్మా చేతులకి పెట్టుకుని వదిలేసిన గోరింటాకు కోను ఉంది. సగం ఇంకా నిండుగానే ఉంది. మిగిలింది ఎండిపోకుండా, దాని కొసకి ఒక గుండుసూది గుచ్చి పెట్టి ఉంది.